జీతం చీటీలో యజమాని వాటా మన కోతల్లో ఎందుకుంది? ఒడిశా కార్మిక శాఖ మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఒడిశా రాష్ట్ర కార్మిక, ఉద్యోగుల రాజ్య బీమా శాఖ మంత్రివర్యుల సముఖమునకు,

నమస్కారాలు. రాయగడలో ఇళ్ళలో తెలుగు మాట్లాడుకుంటూ, బజారులో ఒడియా మాట్లాడుతూ, ఆఫీసు కాగితాలన్నీ ఇంగ్లీషులో అందుకునే వేలాది మంది ప్రైవేటు ఉద్యోగులలో నేనొకణ్ణి. నేను పనిచేసే సంస్థకు హెడ్డాఫీసు విశాఖపట్నంలో ఉంది, మా బ్రాంచి ఇక్కడ ఉంది. జీతాల లెక్కలన్నీ అక్కడే తయారై వస్తాయి. పోయిన ఏడాది, అంటే 2025 జూలై ఒకటో తేదీన, మా బ్రాంచిలో కొత్తగా డిగ్రీ పూర్తి చేసిన ఒక అమ్మాయి చేరింది. ఆమె మొదటి జీతం చీటీ మీద మా ఆఫీసులో జరిగిన చర్చను మీ ముందు పెట్టడానికి కారణం ఉంది. ఆ చీటీలోని తప్పులలో ముఖ్యమైనవి మీ శాఖ రూపొందించగల ఒక నమూనా కాగితంతో ఆగిపోతాయని నా నమ్మకం.

ఆమె నియామక పత్రంలో నెలకు గ్రాస్ జీతం 20,400 రూపాయలు అని ఉంది. అందులో బేసిక్ 10,200, మిగిలినది ఇంటి అద్దె భత్యం, ఇతర భత్యాలు. ఆగస్టు మొదటి వారంలో బ్యాంకులో పడినది 17,599 రూపాయలు. ఇంట్లో ముందే ఖర్చుల లెక్క వేసుకుని ఉన్న ఆ పిల్ల, చీటీ ప్రింటు తీసుకుని, మా బ్రాంచి అకౌంట్లు చాలా ఏళ్ళుగా చూస్తున్న ఆవిడ దగ్గరకు వెళ్ళింది. ఆవిడను మేమందరమూ పిన్ని అనే పిలుస్తాము.

"ఏటి పిన్నీ, చేరిన నెలకే ఇన్ని కోతలేటి? నానేమీ అప్పు తీసుకోనేదు కదా!" అని ఆమె అడిగితే, పిన్ని నవ్వి, "నియామక పత్రం తెచ్చావా తల్లీ? అది నేకుండా చీటీ చూసి లాభం నేదు" అంది. తరువాత రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, పెన్సిలుతో ఒక్కొక్క గీతా చదివింది.

చీటీలో కోతలు నాలుగు. భవిష్య నిధి 1,224, భవిష్య నిధి (యజమాని వాటా) మళ్ళీ 1,224, ఈఎస్‌ఐ 153, వృత్తి పన్ను 200. మొత్తం 2,801.

మొదటి గీత సరైనదే. బేసిక్ 10,200లో 12 శాతం 1,224. అది పోయిన డబ్బు కాదని, ఆమె పేరు మీదే వడ్డీతో జమ అవుతుందని పిన్ని చెప్పింది. ఈఎస్‌ఐ కూడా సరైనదే. అప్పటి నిబంధన ప్రకారం నెలకు 21,000 వరకు వేతనం ఉన్నవారి నుంచి 0.75 శాతం పట్టుకోవాలి, 20,400కు అది సరిగ్గా 153. "నాకు జ్వరమే రాదు, నాకెందుకు?" అని ఆ పిల్ల అడిగిన దానికి, ఆధారపడిన తల్లిదండ్రులకు కూడా అందులో వైద్యం ఉందనీ, యజమాని తన వైపు నుంచి 3.25 శాతం, అంటే 663 రూపాయలు, అదనంగా కడతాడనీ పిన్ని జవాబిచ్చింది. ఇంకొక ముక్క కూడా చెప్పింది. జీతం పెరిగి 21,000 దాటిన నెలలోనే ఈఎస్‌ఐ ఆగదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఒకటి, అక్టోబరు నుంచి మార్చి వరకు ఒకటి చొప్పున రెండు చందా కాలాలుంటాయి, ఆ కాలం ముగిసే వరకు చందా పట్టుకోవాలి. ఈ సంగతి తెలియక, ఇంక్రిమెంటు వచ్చిన నెలలో కోత ఎందుకుందని గొడవపడినవాళ్ళు మా దగ్గరే ఉన్నారు.

గొడవ పడవలసినది మిగిలిన రెండు గీతల దగ్గర.

వృత్తి పన్ను చిన్న మొత్తం కనుక దానిని ముందుగా చెబుతాను. ఈ పన్నును ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం తన చట్టంతో వసూలు చేస్తుంది, సంవత్సరానికి 2,500 రూపాయలకు మించకూడదని రాజ్యాంగమే 276వ అధికరణంలో పరిమితి పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో నెల జీతం 20,000 దాటితే నెలకు 200. ఒడిశాలో లెక్క వార్షిక ఆదాయం మీద. 1,60,000 దాటి 3,00,000 వరకు ఉంటే సంవత్సరానికి 1,500, అంటే నెలకు 125. ఆ పిల్ల ఏడాది జీతం 2,44,800, ఉద్యోగం చేసేది రాయగడలో. కనుక ఆమె నుంచి పట్టుకోవలసినది 125 మాత్రమే, అది కూడా ఒడిశా ఖజానాకు చేరవలసిన సొమ్ము. విశాఖలోని జీతాల సాఫ్ట్‌వేరు బ్రాంచిని చూడక, అందరికీ ఆంధ్ర పట్టిక వేసేసింది. దీనివల్ల ఉద్యోగికి నెలకు 75 రూపాయల నష్టం, మీ ప్రభుత్వానికి 125 రూపాయల నష్టం. పర్లాకిమిడి నుంచి జయపురం వరకు, హెడ్డాఫీసు సరిహద్దుకు అవతల ఉన్న ఏ బ్రాంచిలోనైనా ఈ పొరపాటు జరగవచ్చు. చీటీలో "వృత్తి పన్ను" అని మాత్రమే ఉంటుంది, ఏ రాష్ట్రానిదో ఉండదు. కనుక ఎవరికీ అనుమానం రాదు.

అసలు విషయం రెండవ గీత. భవిష్య నిధిలో ఉద్యోగి 12 శాతం వేస్తే యజమాని కూడా 12 శాతం వేయాలి, అందులో 8.33 శాతం పింఛను పథకానికి, మిగిలినది నిధికి వెళుతుంది. ఈ అమ్మాయి విషయంలో అది 850, 374. ఈ 1,224 యజమాని తన జేబులోంచి వేయవలసినది. ఉద్యోగితో ఏ ఒప్పందం రాయించుకున్నా సరే, దానిని వేతనంలోంచి పట్టుకోకూడదని 1952 నాటి భవిష్య నిధి పథకం 31వ పేరాలోనే ఉంది. అప్పుడు అమలులో ఉన్న ఈఎస్‌ఐ చట్టం 40వ సెక్షన్‌లోనూ యజమాని చందా గురించి ఇదే మాట ఉండేది.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది, దానిని దాచకుండా చెప్పడం న్యాయం. చాలా సంస్థలు తమకయ్యే మొత్తం ఖర్చును, అంటే సీటీసీని, ఉద్యోగం ఇచ్చేటప్పుడే ఒక అంకెగా చెబుతాయి, యజమాని వాటా అందులోనే కలిసి ఉంటుంది. అలాంటి చోట కొన్ని చీటీలలో యజమాని వాటాను ఎడమ వైపు ఆదాయంలో ఒకసారి కలిపి, కుడి వైపు కోతలో ఒకసారి తీసేస్తారు. చూడడానికి కంగారుగా ఉన్నా చేతికి వచ్చే జీతం మారదు. కనుక కోతల్లో యజమాని వాటా కనిపించినంత మాత్రాన మోసమని అనలేము. పిన్ని చెప్పిన పరీక్ష సులువైనది. ఎడమ వైపు కూడండి. ఆ కూడికలో యజమాని వాటా ఉంటే అది లెక్క చూపించే పద్ధతి. లేకుండా, కూడిక నియామక పత్రంలోని గ్రాస్‌తో సరిపోతూ, కోత మాత్రం ఉంటే, యజమాని కట్టవలసినది ఉద్యోగి కడుతున్నట్టే. ఆ పిల్ల చీటీలో ఎడమ వైపు మొత్తం 20,400. దానిలో యజమాని వాటా లేదు.

పిన్ని పెన్సిలుతో అట్టడుగున సరైన లెక్క రాసింది: 1,224, 153, 125 కలిపి 1,502. చేతికి రావలసినది 18,898. వచ్చిన దానికీ దీనికీ తేడా 1,299 రూపాయలు. రాయగడలో ఒంటరిగా ఉండే అమ్మాయికి అది ఒక గది అద్దెలో చెప్పుకోదగ్గ భాగం.

తరువాతి నెల భవిష్య నిధి పాస్‌బుక్ తెరిచి చూస్తే ఉద్యోగి వాటా 1,224, యజమాని వాటా 374, పింఛను 850 అని మూడు గడులలో కనిపించాయి. సంస్థ కట్టవలసినది కట్టింది, ఆ డబ్బే ఈమె జీతంలోంచి తీసింది. అంటే పాస్‌బుక్ చూసి తృప్తి పడేవారికి ఈ తప్పు ఎన్నటికీ దొరకదు.

ఆమె హెడ్డాఫీసుకు ఈమెయిలు పంపింది. వృత్తి పన్ను తరువాతి చీటీ నుంచి 125 అయింది, అంతవరకు వారిని మెచ్చుకోవాలి. యజమాని వాటా గీత కూడా అక్టోబరు చీటీలో మాయమైంది. కానీ ఎడమ వైపు భత్యాలు సరిగ్గా 1,224 తగ్గి, గ్రాస్ 19,176 అయింది. బేసిక్ అలాగే ఉంది కనుక నిధి కోత మారలేదు, చేతికి వచ్చేది దాదాపు మునుపటిలాగే ఉండిపోయింది. చందా కట్టవలసి వచ్చిందన్న కారణంతో వేతనం తగ్గించకూడదని అప్పుడు అమలులో ఉన్న భవిష్య నిధి చట్టం 12వ సెక్షన్ చెప్పింది. అయితే కొత్త చీటీ ఒక్కటే చూసినవారికి అందులో తప్పేమీ కనబడదు. మొదట ఎంత ఇస్తామన్నారో దాని మీద ఎక్కడా ఉండదు కదా.

మంత్రిగారూ, భవిష్య నిధి కేంద్రం పరిధిలోనిదనీ, వృత్తి పన్ను మీ ప్రభుత్వంలోనే ఆర్థిక శాఖ చూస్తుందనీ నాకు తెలుసు. మీ చేతిలో ఉన్నది జీతం చీటీ. 2019 నాటి వేతనాల కోడ్ 50వ సెక్షన్ ప్రకారం ప్రతి యజమానీ నిర్ణీత నమూనాలో వేతన చీటీ ఇవ్వాలి. ఆ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. మా వంటి ప్రైవేటు సంస్థలకు ఆ నమూనాను నిర్ణయించేది రాష్ట్ర ప్రభుత్వమే.

అందువల్ల ఆ నమూనాలో ఉద్యోగి వేతనంలోంచి పట్టుకునేవి ఒక పెట్టెలో, యజమాని తనంతట కట్టేవి దాని కింద వేరే పెట్టెలో ఉండాలని, రెండవ పెట్టెలోని అంకెలు చేతికి వచ్చే జీతం లెక్కలోకి రాకూడదని నియమం చేయవలసిందిగా కోరుతున్నాను. పైభాగంలో నియామక పత్రం తేదీ, ఆ పత్రంలో ఒప్పుకున్న నెల గ్రాస్ వేతనం, తరువాత మారి ఉంటే మారిన తేదీ ముద్రించాలి. అప్పుడు ఈ అమ్మాయికి జరిగినట్టు భత్యాలలో కోసినా అదే కాగితం మీద బయటపడుతుంది. వృత్తి పన్ను గీత పక్కన రాష్ట్రం పేరు, ఆ రాష్ట్రంలో సంస్థ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ప్రతి కోత పక్కన అది ఎంత మొత్తం మీద ఎంత శాతమో ఉండాలి. 10,200 మీద 12 శాతం అని అక్కడే ఉంటే, చదువుకున్న పిల్లకు పెన్సిలు పట్టుకునే పిన్ని కోసం వెతుక్కునే పని ఉండదు. ఇందులో సాఫ్ట్‌వేరుకు కొత్త లెక్క ఏమీ లేదు, లోపల ఉన్న అంకెలనే బయటకు అచ్చు వేయడమే.

చీటీ వెనుక వివరణ ఒడియాతో పాటు, రాయగడ, గజపతి, గంజాం, కొరాపుట్ జిల్లాలలో తెలుగులోనూ ఉంటే మాకు మేలు. అది వెంటనే కుదరకపోతే ముందుగా రెండు పెట్టెల నమూనా ఇప్పించండి. మా బ్రాంచి వంటి చోట్లలో 2025 ఏప్రిల్ నుంచి ఇచ్చిన చీటీలనూ, నియామక పత్రాలనూ పక్కపక్కన పెట్టి చూడమని జిల్లా కార్మిక అధికారులకు ఆదేశం పంపగలిగితే, యజమాని వాటా ఎవరి జేబులోంచి పోయిందో వారికి కూడిక ఒక్కటే చెప్పేస్తుంది.

ఇట్లు,
తమ విధేయుడు,
రాయగడ నుంచి ఒక ప్రైవేటు ఉద్యోగి