గార్డుగారి పొట్లం

తెనాలి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బక్కోడా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. జవాబు రాయనందుకు ఎంత తిట్టుకున్నా పడతాను. రాద్దామని మూడుసార్లు కూర్చున్నాను. కూర్చున్న ప్రతిసారీ "కొట్టు మూసేస్తున్నానురా" అని మొదటి వాక్యం రాయాల్సి వస్తుందని లేచిపోయాను. ఇప్పుడు మూసేశాను కాబట్టి రాయగలుగుతున్నాను. నిన్న రాత్రి తొమ్మిదింటికి షట్టర్ దించాను. 1971లో నాన్న తీసిన కాఫీపొడి కొట్టు.

ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తాను. అందరం బాగున్నాం. పెద్దమ్మాయికి బెంగళూరు నుంచి పుణెకి బదిలీ అయింది. మీ చెల్లెలి మోకాళ్లు కాస్త నయం. నా కుడి భుజం మాత్రం ఇక లేవడం లేదు, పది కేజీల గింజల పళ్లెం ఎత్తలేకపోతున్నాను. పచ్చి గింజల ధర రెండేళ్లుగా ఎలా పెరిగిందో నీకు తెలుసు. చవక రకం రోబస్టా గింజ ఒకప్పటి మేలురకం పీబీ ధరకి చేరింది. పిల్లలు రారు, రమ్మని నేనూ అడగలేదు. జీఎస్టీ నంబరు రద్దుకి ఆడిటరు దరఖాస్తు పెట్టాడు. రద్దయ్యాక మూడు నెలల్లో ఆఖరి రిటర్ను ఒకటి వేయాలట. అవన్నీ ఆయన చూసుకుంటాడు.

నీకు చెప్పాల్సింది వేరే ఉంది. రైలు గార్డుగారి సంగతి. నిన్న మధ్యాహ్నం నుంచి ఎవరికైనా చెప్పకపోతే ఊపిరాడేట్టు లేదు. చెబితే నీకే చెప్పాలి, ఎందుకంటే ఆ కొట్లో నాతో గింజలు వేపి పొగ మింగినవాడివి నువ్వొక్కడివే. ఆ గోనెసంచి సంగతి ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదులే, భయపడకు.

నాన్న పుస్తకం గుర్తుందా, ఎర్ర గుడ్డ అట్ట వేసింది? ఎవరింటికి ఏ పాళ్లలో కలపాలో రాసుకున్నది. పీబీ ఎంత, ప్లాంటేషన్ ఏ ఎంత, రోబస్టా ఎంత, చికోరీ ఎంత, వేపుడు లేతగానా ముదురుగానా, పొడి సన్నమా బరకా, అన్నీ ఒక్కో వరుసలో. నాన్న బతికున్నంతకాలం ఆ పుస్తకం ఎవరికీ చూపించలేదు. "వాళ్లకి పాళ్లు తెలిస్తే మన దగ్గరికెందుకొస్తారు" అనేవాడు. మూసేద్దామని నిశ్చయించుకున్నాక నాకు మొదట తట్టింది ఆ పుస్తకమే. ఇక నా దగ్గరికి రారు కదా, వాళ్ల పాళ్లు వాళ్లకిచ్చేస్తే ఇంకెక్కడైనా ఆడించుకుంటారు అనిపించింది. పది రోజులు కూర్చుని ఒక్కో ఇంటికీ ఒక్కో చీటీ రాశాను. నూట పద్నాలుగు చీటీలు. వేలు కాయకట్టింది.

చీటీ అంటే ఉత్త అంకెలు కాదురా. అంకెలొక్కటే ఇస్తే వేరే కొట్టువాడు వాటిని చూసి ఇంకేదో చేస్తాడు. డాక్టరుగారింటికి లేత వేపుడు కావాలి, గింజ చిటపటలాడడం ఆగగానే దించేయాలి. మెస్ నడిపే పిన్నిగారికి పాలెక్కువ పోస్తారు కాబట్టి ముదురు వేపుడు, అందులో రోబస్టా నూటికి ముప్పై పాళ్లు, లేకపోతే పాలలో కాఫీ కనబడదు. కరణంగారి కోడలికి పాత ఇత్తడి ఫిల్టరు, దాని చిల్లులు పెద్దవి. పొడి కాస్త బరకగా ఉండాలి, సన్నగా ఆడితే మడ్డి కిందకి దిగిపోతుంది. ఇవన్నీ రాశాను. చీటీ తీసుకుని ఒక్కొక్కళ్లు చదువుకుంటుంటే చూడాలి నువ్వు. మెస్ పిన్నిగారు "అయితే ఇన్నాళ్లూ నా పాలు సంగతి కూడా నువ్వే చూసుకున్నావన్నమాట" అంది. నాకు నోట మాట రాలేదు.

అందరికీ రాశాను. గార్డుగారికి మాత్రం రాయలేకపోయాను.

నీకు తెలిసిన మనిషే. రైలు దిగి తిన్నగా మన కొట్టుకొచ్చి, టోపీ తీసి బల్ల మీద పెట్టి, ఏడో నంబరు ప్యాసింజరు కథ చెప్పేవాడే, ఆయన. ఎనభై దాటాయి. ఆయనకి చికోరీ అంటే పడదు. "వేరు ముక్క మసిబొగ్గు చేసి కాఫీ అంటారటయ్యా, నాకు ప్యూర్ కావాలి" అనేవాడు. 1988లో మొదటిసారి వచ్చినప్పుడు ప్యూరే ఇచ్చాం. వారం తిరక్కుండా వాళ్లావిడ, అమ్మగారు వచ్చారు, ఆయన డ్యూటీలో ఉండగా. "డికాక్షన్ నీళ్లలా దిగుతోందండీ, మా పుట్టింట్లో ఇరవై పాళ్లు చికోరీ కలిపేవాళ్లు, అలా కలపండి. ఆయనకి చెప్పకండి" అన్నారు.

అమ్మగారు అన్నదాంట్లో తప్పులేదు. కాఫీ గింజలో నీళ్లలోకి దిగేది పావువంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. చికోరీలో చాలాభాగం కరిగిపోతుంది. అందుకే చిక్కదనం, ఆ ముదురు రంగు వస్తాయి. పాలు పోసినా పల్చబడినట్టుండదు. నాన్న ఒప్పుకున్నాడు కానీ ఒక షరతు పెట్టాడు. చికోరీ కలిపిన పొట్లం మీద ఎంత కలిపామో రాయకుండా కొట్టు గడప దాటనివ్వడు. సగానికి పైన కాఫీ ఉండాలి, కలిపింది పైన రాయాలి, చట్టమూ అదే, ఆయన నీతీ అదే. పొట్లం మీద పెన్సిలుతో "చి 20" అని రాసిచ్చేవాడు. అమ్మగారు ఇంటికెళ్లి డబ్బాలో పోసి, ఆ కాగితం పొయ్యిలో వేసేవారు. ముప్పై ఏళ్ల పైన అలాగే జరిగింది. గార్డుగారు ఊరందరికీ చెప్పేవాడు, "మా ఇంట్లో ప్యూర్ కాఫీ, చూడు ఎంత చిక్కగా ఉందో" అని.

రెండేళ్ల కిందట సంక్రాంతి వెళ్లాక అమ్మగారు పోయారు. నెల తర్వాత ఆయనే వచ్చాడు, సంచి పట్టుకుని. ఆ మొదటిసారి తప్ప అంతవరకూ ఆయన కొనడానికి రాలేదు, కబుర్లకే వచ్చేవాడు. "ప్యూర్ అర కేజీ" అన్నాడు. నేను ప్యూరే ఇచ్చాను, పుస్తకంలో చూడాలని తట్టలేదు. నాలుగో రోజు మళ్లీ వచ్చాడు. కొట్టు బల్ల పట్టుకుని నిలబడి, "పల్చగా, పుల్లగా ఉందయ్యా. పొడి తప్పు కాదులే. ఆవిడ చెయ్యి పోయింది, రుచి పోయింది" అన్నాడు.

నేనేం చేశానంటావు? లోపలికెళ్లి ఇరవై పాళ్లు కలిపి తెచ్చిచ్చాను. "ఇది కొత్త గింజండీ, చూడండి" అన్నాను. పొట్లం మీద ఏమీ రాయలేదు. మర్నాడు పొద్దున్నే వచ్చి, "వచ్చిందయ్యా, చెయ్యి తిరిగింది నాకు, అచ్చం ఆవిడ పెట్టినట్టే" అన్నాడు. కళ్లు మెరిశాయి. ఇక ఎలా చెప్పను?

రెండేళ్లు అలాగే ఇచ్చాను. పొట్లం కట్టినప్పుడల్లా నాన్న పెన్సిలు గుర్తొచ్చేది. ఆయన నీతి నేను తప్పాను కదరా. అమ్మగారు కొన్నప్పుడు ఆవిడకి తెలిసి కొన్నారు. ఈయన తెలియక కొంటున్నాడు. రెండూ ఒకటి కావు.

నిన్న మధ్యాహ్నం రెండింటికి వచ్చాడు. కొట్టు నిండా జనం. ఒక్కొక్కళ్లూ రెండు కేజీలు, మూడు కేజీలు అడుగుతున్నారు, నేను అర కేజీ మించి ఇవ్వనని దెబ్బలాడుతున్నాను. ఆడిన పొడి పదిహేను రోజులు దాటితే వాసన చచ్చిపోతుంది. ఆఖరి పొట్లం కదా అని దాచుకుంటే నెల తర్వాత రంపపు పొట్టు తాగినట్టుంటుంది. అదా వాళ్లకి గుర్తుండాల్సింది? కొంతమందికి కోపమొచ్చింది. రానీ.

గార్డుగారు అందరూ వెళ్లేదాకా స్టూలు మీద కూర్చున్నాడు. తర్వాత "నా చీటీ ఏదయ్యా" అన్నాడు.

పుస్తకం తీసి ఆయన ముందు పెట్టాను. నోటితో చెప్పలేక. నాన్న దస్తూరీ, నల్ల సిరా: "గార్డుగారు. పీబీ 50, ఏ 30, చి 20. మధ్యస్థం. అమ్మగారి మాట." కింద తేదీ.

కళ్లజోడు సవరించుకుని చదివాడు. మళ్లీ చదివాడు. "చి" దగ్గర వేలు పెట్టి, "ఇదేంటి" అన్నాడు. చెప్పాను. అంతా చెప్పాను, అమ్మగారు వచ్చిన రోజు, పొయ్యిలో వేసిన కాగితాలు, చివరికి నేను రాయకుండా ఇచ్చిన పొట్లాలు కూడా. క్షమించమన్నాను. వొణికిపోయాన్రా, నిజంగా.

చాలాసేపు మాట్లాడలేదు. బయట రిక్షావాడు ఎవరినో పిలుస్తున్నాడు, అది వినబడుతోంది. తర్వాత, "అయితే ఆ రోజు తిరిగింది నా చెయ్యి కాదన్నమాట" అన్నాడు. నా గుండె జారిపోయింది. ఆ పెద్దాయన దగ్గర మిగిలిన ఒక్కటీ లాగేసుకున్నానేమో అనిపించింది. కానీ ఆయన వేలు "అమ్మగారి మాట" మీదకి జరిగింది. అక్కడే ఉండిపోయింది. "ఆవిడ చెయ్యేనన్నమాట" అన్నాడు. "ఆవిడ పోయాక కూడా రెండేళ్లు ఆవిడ కలిపించిందే తాగాను."

ఆ కాగితం అడగలేదు. నేనే బ్లేడుతో కోసి ఇచ్చాను. నాన్న ఏమంటాడో తెలియదు కానీ, పుస్తకంలో ఆ ఒక్క కాగితం ఇప్పుడు లేదు.

ఆయనకొక్కడికీ పొడి ఇవ్వలేదు. మధ్యస్థంగా వేపిన గింజలు కేజీ, చికోరీ వేరే సీసాలో పావు కేజీ ఇచ్చాను. చికోరీ గాలిలో చెమ్మ లాక్కుని గడ్డకడుతుంది, కలిపి ఉంచితే పొడంతా పాడవుతుంది. మనవరాలి మిక్సీలో వారానికి సరిపడా ఆడుకుని, నాలుగు చెంచాలకి ఒక చెంచా కలుపుకోమన్నాను. కొలత సరిగ్గా కుదరదు, చెంచా బరువు ఒకటి కాదు కదా, కానీ చెయ్యి అలవాటు పడుతుంది. వేరే కొట్లో కొంటే చికోరీ ఎక్కువైందో లేదో తెలుసుకోవడం కూడా చూపించాను. నువ్వూ నేర్చుకో: గ్లాసులో చల్లనీళ్లు పోసి పైన చిటికెడు పొడి చల్లాలి. కాఫీ కాసేపు తేలుతుంది. చికోరీ వెంటనే మునిగి, దారి పొడుగునా గోధుమరంగు గీత విడుస్తుంది. బల్ల మీద గ్లాసు పెట్టి చేస్తుంటే ఆయన వంగి చూశాడు, చిన్నపిల్లాడు చూసినట్టు. గీత దిగుతుంటే "ఇదా ఆవిడ రహస్యం" అన్నాడు. నవ్వాడో ఏడ్చాడో నాకు తెలియలేదు.

డబ్బులిచ్చాడు. వద్దన్నాను. "మూసేసే రోజున బేరం చెడగొట్టకు" అని బల్ల మీద పెట్టి, టోపీ లేకపోయినా టోపీ సవరించుకున్నట్టు చెయ్యి పైకెత్తి వెళ్లిపోయాడు. సందు మలుపు తిరిగేదాకా చూశాను. ఆ తర్వాత వచ్చినవాళ్లకి ఏమిచ్చానో నాకు గుర్తు లేదు.

ఒకటి నిన్నడగాలి. చెప్పి మంచిపని చేశానా? రాత్రంతా నిద్రపట్టలేదు. మీ చెల్లెలు "చెప్పకపోతే ఆ చీటీలో ఏం రాసేవాళ్లు మీరు" అంది. అదీ నిజమే. ప్యూర్ అని రాస్తే ఆయనకి ఇక ఎక్కడా ఆ రుచి దొరకదు. చికోరీ అని రాస్తే ఇంటికెళ్లి ఒంటరిగా చదువుకుంటాడు. నా ఎదురుగా తెలిస్తేనే నయం అనుకున్నాను, అయినా

గ్రైండరు కొన్నవాడి ఆటో వచ్చింది, హారన్ కొడుతున్నాడు. ఆదివారం రాత్రి ఏం తొందరో వీడికి. తూకం రాళ్లు నీకని తీసి ఉంచాను, పంపిస్తాను. వేపుడు డ్రమ్ము పిడి కూడా, నీ చేతికి కాయలు కాసిన ఆ పాత పిడే.

వాడు తలుపు కొడుతున్నాడు. రేపు పొద్దున్నే పోస్టులో వేస్తాను.

నీ
కాఫీగాడు