రైల్వే గేటు మధ్యలో కారు ఆగిపోతే

చిన్నీ,

ఆఫీసుకెళ్ళే దారిలో రైల్వే గేటు ఉంది, రోజూ కార్లో దాటాలి అన్నావు కదా, ఫోన్లో చెప్తే సగం విని సరే నాన్నా అనేస్తావు, అందుకే రాసి పంపిస్తున్నా, తీరిగ్గా కూర్చుని చదువు.

ముందు గేటు వేసి ఉన్నప్పటి సంగతి చెప్తా. గేటు కింద నుంచి దూరడం, పక్క సందులోంచి తిప్పుకుని పోవడం నువ్వు చెయ్యవని నాకు తెలుసు. కానీ కార్లో ఉన్నవాళ్ళకి అసలు చిక్కు చాలాసార్లు గేటు ఎత్తాకే మొదలవుతుంది. ఆగి ఉన్నప్పుడు కొందరు తొందరకొద్దీ ఎదురు వచ్చేవాళ్ళ దారిలో కూడా బండ్లు పెట్టేస్తారు, అవతల వైపు కూడా అదే పని చేస్తారు, గేటు లేవగానే రెండు గుంపులూ సరిగ్గా పట్టాల మీద ఎదురెదురుగా ఇరుక్కుంటాయి, ఎవడూ వెనక్కి పోలేడు. కాబట్టి వెనక ఎంత హారన్ కొట్టినా నీ లైన్లోనే ఉండు. రోడ్డు మీద ఆగే గీత ఉంటే దాని వెనకే ఆపు, లేకపోతే దగ్గరి పట్టాకి కనీసం 5 మీటర్ల ఇవతల ఆగు, ఎందుకంటే రైలు పట్టాల కంటే వెడల్పు, రెండు పక్కలా దాదాపు మూడు అడుగులు బయటికి ఉంటుంది. ఆపాక హ్యాండ్ బ్రేక్ వేసి ఇంజన్ ఆపెయ్, అద్దం దించు, పాటలు ఆపు. ఒక రైలు వెళ్ళిపోయింది కదా అని కదలకు, రెండు లైన్లున్న చోట మొదటి రైలు చాటున రెండోది వస్తుంటే కనిపించదు, దాని చప్పుడు కూడా మొదటిదాని చప్పుడులో కలిసిపోతుంది. గేటు పూర్తిగా లేచి, ఎర్ర లైటు, గంట రెండూ ఆగాకే కదులు.

కదిలే ముందు కూడా ఒకటే చూడు, పట్టాల అవతల నీ కారు మొత్తం పట్టేంత ఖాళీ ఉందా లేదా. ముందున్న బండి కదులుతోంది కదా, నేనూ వెనకే పోతా అనుకుంటే ఆ బండి అవతల ఆగిపోతుంది, నువ్వు పట్టాల మీద ఆగిపోతావు. ఖాళీ కనపడ్డాకే ఫస్ట్ గేర్లో ఎక్కి అదే గేర్లో దిగిపో, మధ్యలో గేర్ మార్చకు. పట్టాల మీద కుదుపులో గేర్ మారుస్తూ క్లచ్ తొందరగా వదిలినప్పుడే ఎక్కువగా ఇంజన్ ఆగిపోతుంది.

ఇప్పుడు నేను రాయాలనుకున్న అసలు విషయం, అయినా ఆగిపోయిందనుకో.

గేటు తీసే ఉంది, గంట లేదు, లైటు లేదు, అయినా ముందు లోపలున్న వాళ్ళందరినీ దింపెయ్. వెనక సీట్లో పిల్లలో పెద్దవాళ్ళో ఉంటే వాళ్ళు దిగడానికే టైం పడుతుంది, బెల్టు ఊడదీయాలి, తలుపు తియ్యాలి, చెయ్యి పట్టుకుని నడిపించాలి. బ్యాగు, లాప్‌టాప్ అన్నీ అక్కడే వదిలెయ్, ఫోన్ ఒక్కటి చేతిలో ఉంటే చాలు. వాళ్ళు దూరంగా వెళ్ళాక గేట్‌మన్ ఉంటే ఆయనకి చెప్పు, కేక వెయ్యి, పరిగెత్తి వెళ్ళు, ఏదైనా సరే కానీ వెంటనే చెప్పు. ఎందుకంటే చాలా గేట్లు సిగ్నల్‌తో ముడిపడి ఉంటాయి, గేటు వేసి తాళం పడితే గానీ రైలుకి సిగ్నల్ పడదు, గేటు ఇంకా తీసే ఉందంటే ఆయన రైలుని దూరంగానే ఆపించగలడు. ఆ విషయం ఆయన గేటు వేశాక తెలిస్తే పని చాలా కష్టమవుతుంది. గేట్‌మన్ లేని చోట గేటు స్తంభం మీదో పక్కన బోర్డు మీదో ఫోన్ నంబరు, ఆ క్రాసింగ్ నంబరు రాసి ఉన్నాయేమో చూడు, ఉంటే ఫోన్ చేసి ముందు క్రాసింగ్ నంబరు చెప్పు, అప్పుడే ఏ గేటో వాళ్ళకి అర్థమవుతుంది. ఇదంతా అయ్యాక, ఇంకా గంట మోగలేదంటేనే, కారు సంగతి చూడు. ఒకసారి స్టార్ట్ చేసి చూడు, అవ్వకపోతే న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ దించి, ఇద్దరు ముగ్గురి సాయంతో తోయించు. ఎప్పుడైనా ఆటోమేటిక్ కారు నడిపితే, అది పార్క్‌లో ఉంటే చక్రాలు కదలవు, బ్యాటరీ పూర్తిగా పోతే కొన్ని కార్లు న్యూట్రల్‌కి కూడా రావు, అలాంటప్పుడు దాన్ని అక్కడే వదిలెయ్యాలి.

గంట మోగిందా, లైటు వెలిగిందా, ఇక స్టార్ట్ చెయ్యడాలు తొయ్యడాలు ఏమీ లేవు. లెక్క చెప్తా చూడు. గంటకి 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు ఒక్క సెకనులో దాదాపు 28 మీటర్లు వస్తుంది, కొన్ని ఆటోమేటిక్ గేట్ల దగ్గర గంట మోగిన 20, 30 సెకన్లకే రైలు వచ్చేస్తుంది, అంటే గంట మొదలైనప్పుడు అది అర కిలోమీటరు పైచిలుకు దూరంలో ఉండొచ్చు. ఆ వేగంలో రైలు ఆగడానికి కిలోమీటరు దాకా పడుతుంది, బరువైన గూడ్స్‌కి ఇంకా ఎక్కువే. డ్రైవర్ నీ కారుని చూసి అదే క్షణంలో బ్రేక్ వేసినా ఆగదు. పైగా దూరం నుంచి చూస్తే అంత పెద్ద బండి నెమ్మదిగా వస్తున్నట్టే అనిపిస్తుంది, ఆ అంచనాని నమ్మకు.

దిగాక ఎటు పరిగెత్తాలో చాలామందికి తెలీదు. పట్టాలకి దూరంగా, కానీ రైలు వస్తున్న వైపుకి ఏటవాలుగా వెళ్ళాలి. వినడానికి వింతగా ఉంటుంది, రైలుకి ఎదురు వెళ్ళడమేంటి అని. రైలు కారుని గుద్దితే కారునీ దాని ముక్కల్నీ తను వెళ్ళే వైపుకే విసురుకుంటూ పోతుంది, నువ్వు కూడా అటే పరిగెత్తితే అవి వచ్చి నీ మీద పడతాయి. రైలు ఎటు నుంచో తెలియకపోతే ముందు పట్టాల మీంచి పక్కకి దూరంగా వెళ్ళిపో, అక్కడ్నించి చూసుకోవచ్చు.

ఇంకొకటి, కారు నడుస్తూనే ఉంది కానీ నువ్వు రెండు గేట్ల మధ్య ఉండగా ముందు గేటు దిగిపోయింది అనుకో. ఆగకు, వెనక్కి తిప్పుకోవాలని చూడకు, ముందుకే పోనిచ్చి గేటుని గుద్దుకుంటూ బయటికి వెళ్ళిపో. పైనించి దిగే ఆ పొడవాటి బూమ్ తేలికగా ఉంటుంది, చాలా చోట్ల గట్టిగా తగిలితే విరిగేలానో ఊడేలానో చేస్తారు. బానెట్ సొట్ట పోతే పోనీ. బయటికి వచ్చాక గేటు విరిగిందని వెంటనే చెప్పు, వెళ్ళిపోకు, విరిగిన గేటు సంగతి తెలియక వెనక వచ్చేవాడు నేరుగా పట్టాల మీదకి వెళ్ళిపోవచ్చు.

రేపు ఆ గేటు దగ్గర ఆగినప్పుడు, దిగే వీలుంటే, బోర్డు మీద నంబర్లుంటే ఫోటో తీసి ఫోన్లో సేవ్ చేసుకో, నాకు కూడా ఒకటి పంపు.

మీ నాన్న