టికెట్టు కనిపించాడు!

ఒరేయ్ మిత్రమా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది, ఆలస్యానికి క్షమించు. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, ఇంటికి సున్నం వేయించాం. అవన్నీ తర్వాత. మొన్న శంషాబాద్ విమానాశ్రయంలో మన టికెట్టు కనిపించాడురా!

నేను విశాఖ వెళ్ళాలి. భద్రతా తనిఖీ దాటి ట్రేలోంచి బెల్టు తీసుకుంటున్నాను. పక్కనే నెరిసిన జుట్టాయన ఒకరు బోర్డింగ్ పాసును నిలువుగా మడిచి, మళ్ళీ మడిచి, సన్నగా చేసి గడియారం పట్టీ కిందికి దూర్చారు. ముఖం చూస్తే జన్మలో పోల్చుకునేవాణ్ణి కాను. ఆ మడత చూశాక ఇంకెవరుంటారు? తెనాలి బస్సులో రోజూ చూసిన మడతే కదా!

అయినా ఒక్క క్షణం ఆగాను. 1988 మార్చిలో, పదో తరగతి చివరి పరీక్ష రోజున చూసిన మనిషి. ఇప్పుడు ఏమని పిలవాలి? ఒకసారి 'మీరు' అన్నామంటే మళ్ళీ 'నువ్వు'లోకి దిగడం ఎంత కష్టమో మీ బావగారి దగ్గర చూశాం కదా. 'గుర్తుపట్టారా?' అంటే పరీక్ష పెట్టినట్టుంటుంది. పేరు తట్టకపోతే పాపం ఆ మనిషి ఏం చేస్తాడు? అందుకని దగ్గరికి వెళ్ళి, మన కండక్టరు గొంతుతో "టికెట్టు, టికెట్టు!" అన్నాను. గిరుక్కున తిరిగాడు. వెతుక్కునే శ్రమ లేకుండా వెంటనే నా పేరు చెప్పి, "మూడో బెంచీ, కిటికీ పక్క" అన్నాను.

"ఒరేయ్! నా జామెట్రీ పెట్టె ఏదిరా?"

ఆ 'రా' వినగానే నాకు కళ్ళు చెమర్చాయి.

వాడిది ఢిల్లీ విమానం. బయల్దేరడానికి 25 నిమిషాల ముందే గేటు మూసేస్తారు కదా, పావుగంటే మిగిలింది. కూర్చోకుండా గేటుదాకా కలిసి నడిచాం. పక్కపక్కన నడుస్తుంటే మాటలు వాటంతట అవే వచ్చాయి. ఉద్యోగం, జీతం, పిల్లల చదువులు ఇద్దరమూ ఎత్తలేదు. బావిలో పడిన బడిగంట సంగతి మాత్రం వాడే ఎత్తాడు, నీ పేరు చెప్పి మరీ!

వాళ్ళమ్మగారు పోయి నాలుగేళ్ళయిందట. ఆవిడ పెట్టిన జంతికలు... నాకు మాట రాలేదు. వాడి చేతిసంచి తీసుకుని నడిచాను. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు, మాట్లాడాలనీ అనిపించలేదు.

గేటు దగ్గర ఆ అమ్మాయి పాసు మడతలు విప్పి, అరచేత్తో సాపు చేసి స్కానర్ కింద పెట్టింది. మూడోసారికి గానీ అది చదవలేదు. వాడు వెనక్కి చూసి పాత నవ్వే నవ్వాడు.

వాడి నంబరు ఈ కాగితం వెనక రాశాను. నీదీ వాడికిచ్చాను. నీ గురించి ఇంకో మాట అడిగాడు, అదేమిటంటే... తమ్ముడు మీ ఊరికి బయల్దేరుతున్నాడు, ఈ ఉత్తరం వాడికే ఇవ్వాలి. బయట హారన్ మోగుతోంది. మిగతాది మళ్ళీ రాస్తాను.

నీ
మూడో బెంచీ