పుష్కర ఘాట్‌కు నిమిషానికి ఎందరు?

సంపాదకుడు గారికి,

2027 గోదావరి పుష్కరాల పనుల గురించి మీ పత్రికలో తరచూ వార్తలు వస్తున్నాయి. ఎన్ని కోట్ల మంది వస్తారు, ఎన్ని కోట్ల రూపాయలు కావాలి అన్న లెక్కలే అన్నిటా కనిపిస్తున్నాయి. రోజుకు ఇన్ని లక్షల మంది అని చెబితే రోడ్లకూ మంచినీళ్లకూ అంచనా వేసుకోవచ్చు గానీ, తొక్కిసలాటను ఆపడానికి ఆ లెక్క పనికిరాదు. అందుకు కావాల్సింది నిమిషం లెక్క.

2015 జులై 14 ఉదయం రాజమండ్రి పుష్కర ఘాట్‌లో జరిగింది చూడండి. పుష్కరాలు పన్నెండు రోజులు. నదికి రెండు వైపులా రేవులు బోలెడు. అయినా తొలి రోజు ముహూర్తానికే మునగాలని, అదీ గోదావరి స్టేషన్‌కు దగ్గరలో ఉన్న ఆ ఒక్క ఘాట్‌లోనే మునగాలని జనం తెల్లవారకముందే వచ్చి నిలబడ్డారు. ముఖ్యమంత్రి కుటుంబం స్నానం, పూజ అయ్యేదాకా వాళ్లను బయటే ఆపారు. ఆ తర్వాత గేటు తీశారు. లోపలికి పోయేవాళ్లూ బయటికి వచ్చేవాళ్లూ ఒకే దారిలో ఎదురుపడ్డారు. 27 మంది చనిపోయారు. తప్పెవరిది అన్న వాదన జస్టిస్ సోమయాజులు కమిషన్ దాకా వెళ్లింది. దాన్ని మళ్లీ తిరగదోడడం నా ఉద్దేశం కాదు. ఆ గేటు దగ్గర లెక్క ఎలా తప్పిందో చూద్దామనే ఈ ఉత్తరం.

మెట్ల మీద మనుషులు సాఫీగా నడవాలంటే ఒక మీటరు వెడల్పుకు నిమిషానికి 66 మందికి మించి పంపకూడదని స్టేడియాల భద్రతకు వాడే ఒక ప్రసిద్ధ బ్రిటిష్ మార్గదర్శిక చెబుతుంది. మూడు మీటర్ల దారి ఉందనుకుందాం. నిమిషానికి సుమారు 200 మంది దిగగలరు. రైళ్లూ బస్సులూ నిమిషానికి 500 మందిని తెచ్చి దింపుతుంటే ప్రతి నిమిషమూ 300 మంది మిగిలిపోతారు. అరగంటకు 9,000 మంది. చదరపు మీటరుకు నలుగురి చొప్పున ఒత్తుకోకుండా నిలబడాలన్నా వాళ్లకు 2,250 చదరపు మీటర్ల జాగా కావాలి, అంటే అర ఎకరం పైమాటే. ఇదంతా గేటు తెరిచి ఉన్నప్పటి మాట. గేటు మూస్తే మిగిలేది 300 కాదు, మొత్తం 500 మందీ. స్నానాలు చేసినవాళ్లు తడిబట్టలతో, పిల్లల్ని చంకనేసుకుని అదే దారిలో ఎక్కి వస్తుంటే ఆ 200 కూడా దిగలేరు.

చదరపు మీటరుకు ఏడుగురి దాకా చేరితే మనిషి కాళ్లు అతని మాట వినవు, గుంపు ఎటు ఊగితే అటు పోవాల్సిందే. చాలామంది తొక్కుళ్ల వల్ల కాదు, నిలబడ్డచోటే ఛాతీ నొక్కుకుపోయి ఊపిరాడక చనిపోతారు. ముందు ఏం జరుగుతోందో వెనకవాళ్లకు తెలియదు కాబట్టి నెడుతూనే ఉంటారు. కిందికి దించిన చెయ్యి మళ్లీ పైకి ఎత్తలేకపోతున్నా, తలలన్నీ ఒక్కసారిగా అటూ ఇటూ ఊగుతున్నా అది ఆఖరి హెచ్చరిక. అప్పుడు గేటు ఒక్కసారిగా తీయడమంత ప్రమాదం మరొకటి లేదు. 2025 జనవరి 8 రాత్రి తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చినవాళ్లలో ఆరుగురు పోయారు. అస్వస్థతకు గురైన ఒకావిడను బయటికి తేవడానికి గేటు తీస్తే, క్యూ వదిలారనుకుని మిగతావాళ్లు ఒక్కుమ్మడిగా తోసుకొచ్చారని అప్పుడు వార్తలొచ్చాయి.

అందుకని జనాన్ని ఆపాల్సింది ఘాట్ గుమ్మం దగ్గర కాదు. స్టేషన్ బయటా, బస్సులు ఆగే మైదానాల్లోనూ, దూరంగా, నీడలో, నీళ్లిచ్చి, చిన్న చిన్న జట్లుగా ఆపాలి. ఘాట్‌లో ఎంతమంది ఖాళీ అయితే అంతమందినే వదలాలి. రావడానికొక దారి, పోవడానికొక దారి, ఎక్కడా కలవకుండా ఉండాలి. పెద్దల స్నానానికి వేరే రేవు చూపించాలి, సామాన్యుల ఘాట్‌ను ఒక్క నిమిషం కూడా మూయకూడదు. ముహూర్తం సంగతి పోలీసుల చేతిలో లేదు. పన్నెండు రోజులూ పుష్కరుడు నదిలోనే ఉంటాడని, కొవ్వూరులో మునిగినా కోటిపల్లిలో మునిగినా పుణ్యంలో తేడా లేదని పంతుళ్లూ పీఠాధిపతులూ ముందు నుంచే చెప్పాలి. టీవీల్లో ‘ఈ క్షణం దాటితే మళ్లీ రాదు’ అంటూ ఊదరగొట్టడం మానితే సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.

మా వైపు చిన్న రేవులున్న ఊళ్ల సంగతీ పట్టించుకోవాలి. రాజమండ్రిలో కిక్కిరిస్తే జనాన్ని ఇటు మళ్లిస్తారు. మూడు నాలుగు మెట్ల వరుసలు, ఒక సన్న సందు ఉన్న రేవుకు నాలుగు బస్సులు ఒకేసారి వస్తే చాలు, పైన వేసిన లెక్కే అక్కడా మొదలవుతుంది.

జిల్లా యంత్రాంగాన్ని అడిగేది ఒకటే. పుష్కరాలకు ఆరు నెలల ముందే ప్రతి ఘాట్ వివరాలూ మీ పత్రికలో వేయించాలి: దారి వెడల్పెంత, నిమిషానికి ఎందరిని పంపుతారు, మిగిలినవాళ్లను ఏ మైదానంలో ఆపుతారు, ఎవరినీ అడక్కుండా బస్సులు ఆపించే అధికారం ఏ అధికారికి ఇచ్చారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కొవ్వూరు