డేటా ధర తేలేది రెండోవాడి దగ్గర

సంపాదకుడు గారికి,

ప్రపంచంలోనే మన దగ్గర డేటా చౌక, ఇంకా గొణుగుడెందుకు అన్నట్టు పది రోజుల కింద మీ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. అప్పుడే రాద్దామనుకున్నాను, కుదరలేదు. నిన్న మా అమ్మ ఫోన్‌కి రీచార్జ్ చేయించాక ఇక ఆగలేకపోయాను.

చౌకే, కాదనను. 2016కి ముందు ఒక జీబీకి దాదాపు 250 రూపాయలు పెట్టి, వీడియో తెరవాలంటేనే భయపడిన రోజులు నాకూ గుర్తున్నాయి. ఆ ఏడాది సెప్టెంబర్ 5న జియో వచ్చి మార్చి నెలాఖరు దాకా అన్నీ ఉచితంగా ఇచ్చింది. అయితే అది ఎలా ఇవ్వగలిగిందో వ్యాసంలో ఒక్క ముక్క లేదు. జియోకి 2జీ, 3జీ బరువు లేదు. అప్పుడు ఉన్నది 4జీ ఒక్కటే, ఫోన్ మాట కూడా అందులో డేటాగానే వెళ్ళేది. టవర్లు లేచాయి, జనం ఇంకా లేరు. అలాంటప్పుడు ఇంకో మనిషి ఎక్కినా కంపెనీకి అదనంగా అయ్యే ఖర్చు దాదాపు ఏమీ ఉండదు. పాత కంపెనీలేమో 2జీ, 3జీ, 4జీ మూడూ నడుపుతూ, వేలంలో కొన్న స్పెక్ట్రమ్ అప్పులు మోస్తూ ఆ ధరకి దిగాల్సి వచ్చింది.

ఇక్కడే అసలు సంగతి ఉంది. ఒకడికి జీబీకి 4 రూపాయలు ఖర్చవుతుందనుకోండి, పక్కవాడికి 10, మూడోవాడికి 20. మొదటివాడు జనాన్ని లాక్కోవడానికి కొన్నాళ్లు ఉచితంగా ఇస్తాడేమో గానీ, ఎప్పటికీ 4కి అమ్మడు. 9కి అమ్మితే చాలు, పక్కవాడు అంతకన్నా దిగలేడు. అంటే ధర ఆగేది చౌకగా నడిపేవాడి ఖర్చు దగ్గర కాదు, అతని తర్వాతివాడి ఖర్చు దగ్గర. ఆ 10 రూపాయలవాడు దుకాణం కట్టేశాడా, ధర 19కి పోతుంది. మొదటివాడి ఖర్చు మాత్రం అదే 4 రూపాయలు, దానిలో పైసా మార్పు లేదు. పూర్వం పోటీ వల్ల మనకి దక్కినదంతా ఇప్పుడు అతని జేబులోకి పోతుంది.

మన దేశంలో సరిగ్గా ఇలాగే పోటీదారులు ఒక్కొక్కరూ తగ్గుతూ వచ్చారు. ఆర్‌కామ్, ఎయిర్‌సెల్ మూతపడ్డాయి. టెలినార్, టాటా కనెక్షన్లు ఎయిర్‌టెల్‌లో కలిశాయి. 2018 ఆగస్టులో వొడాఫోన్, ఐడియా ఒక్కటయ్యాయి, అదీ అప్పుల్లో ఉంది. ప్రైవేటులో మిగిలింది ముగ్గురు. 2019 డిసెంబర్‌లో ముగ్గురూ పెంచారు, 2021 చివర్లో పెంచారు, 2024 జులై మొదటి వారంలో రోజు అటూ ఇటూగా మళ్ళీ పెంచారు. కూడబలుక్కున్నారని నేననను. ముగ్గురే ఉన్నప్పుడు ఆ అవసరం కూడా లేదు, ఒకడు పెంచితే మిగతావాళ్ళు చూసి పెంచుతారు. జియోలో రోజుకి ఒకటిన్నర జీబీ వచ్చే 239 రూపాయల ప్లాన్ అప్పుడే 299 అయింది. నెలకి 60 రూపాయలే కదా అంటారు. ప్లాన్ 28 రోజులది, ఏడాదికి పదమూడు సార్లు వేయించాలి, తేడా 780 రూపాయలు. 2025 ఆగస్టులో రోజుకి ఒక జీబీ ఇచ్చే 249 ప్లాన్ కూడా తీసేశారు. ధర పెంచామని ఎవరూ ప్రకటించలేదు, కానీ తక్కువ వాడేవాడికి అది పెంపే.

మా అమ్మది బటన్ ఫోన్. క్యాలెండర్‌లో తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పెట్టుకుంటుంది, ఆ రోజు దాటితే మనవడి ఫోన్ రాదని టెన్షన్. నెట్ అంటే తెలియని మనిషి చేత నెట్ కొనిపిస్తూ వచ్చారు. మాటలకి మాత్రమే వేరే ప్లాన్ ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబర్‌లో చెబితే గానీ కదలలేదు. అలా 2025లో వచ్చినవైనా 84 రోజులకి జియోలో 448, ఎయిర్‌టెల్‌లో 469. రోజు కూలీ మీద బతికేవాళ్ళు ఒకేసారి అంత ఎక్కడ తెస్తారు?

2019లో కంపెనీలు నష్టాల్లో ఉన్నాయంటే, కనీస ధర పెట్టాలా అని ఇదే ట్రాయ్ చర్చాపత్రం విడుదల చేసింది. జనం మీద భారం పడినప్పుడు మాత్రం ధరలు మార్కెట్టే చూసుకుంటుందని ఊరుకుంటుంది. మార్కెట్ చూసుకోవాలంటే అందులో తగినంత మంది ఉండాలి కదా. నాలుగోవాడుగా నిలబడాల్సిన బీఎస్‌ఎన్‌ఎల్ స్వదేశీ 4జీని ప్రారంభించింది 2025 సెప్టెంబర్‌లో, జియో వచ్చిన తొమ్మిదేళ్లకి. 2024లో ధరలు పెరగ్గానే లక్షల మంది అటు వెళ్ళారు, జనం సిద్ధంగానే ఉన్నారు. సిగ్నల్ సిద్ధంగా లేదు. ఈ ఆలస్యానికి ఏ అధికారి జవాబు చెప్పాడో మీ పత్రికైనా అడిగి రాయండి.

— ఒక పాఠకురాలు, తెనాలి