మీ ఎస్‌ఓపీలు దిద్దే పద్ధతి మారుస్తున్నాం

పై చదువుల దరఖాస్తుతో ఇచ్చే ఎస్‌ఓపీని, అంటే ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే వ్యాసాన్ని, మేము దిద్ది ఇచ్చాక ఒక విద్యార్థి ఇలా అడిగారు: "మీరు దిద్దాక నా ఎస్‌ఓపీ చాలా బాగుంది. కానీ మా ఫ్రెండ్‌ది చదివితే అదీ అచ్చం అలాగే ఉంది. మా ఇద్దరిలో ఎవరిది నిజంగా సొంతమో అడ్మిషన్స్ వాళ్లకి ఎలా తెలుస్తుంది?"

భాష చూస్తే తెలియదండీ. పక్కనున్న కాగితాలతో కలిపి చదివితే తెలుస్తుంది. ఎస్‌ఓపీతో పాటు మార్కుల ట్రాన్‌స్క్రిప్ట్, సీవీ, రికమండేషన్ లెటర్లు అన్నీ ఒకే ఫైల్లో ఉంటాయి. పైగా మాస్టర్స్, పీహెచ్‌డీ దరఖాస్తులను చాలాచోట్ల ఆ విభాగం ప్రొఫెసర్లే చదువుతారు. మీరు చేశానని రాసిన పని ఎలా చేస్తారో, ఎక్కడ చిక్కు వస్తుందో వాళ్లకి బాగా తెలుసు.

ఈ విషయంలో మా వల్ల జరిగిన ఒక తప్పు మీకు చెప్పాలి. మెకానికల్ చదివిన ఒక అబ్బాయి బేరింగుల మీద ప్రాజెక్టు చేశాడు. బేరింగ్ కంపనాల రీడింగులు తీసుకుని, అది పాడైందో లేదో ముందే చెప్పే మోడల్ తయారుచేశాడు. మొదట 96 శాతం సరిగ్గా చెప్పింది. అంత ఎక్కువ రావడమేమిటని అతనికే అనుమానం వచ్చి వెనక్కి వెళ్లి చూసుకున్నాడు. ఒకే బేరింగ్ నుంచి తీసిన రీడింగులు కొన్ని మోడల్‌కి నేర్పే డేటాలో, కొన్ని దాన్ని పరీక్షించే డేటాలో పడ్డాయి. అంటే చూపించిన బేరింగ్‌నే మళ్లీ అడిగినట్టు. బేరింగుల వారీగా విడగొట్టి మళ్లీ చేస్తే 71 శాతమే వచ్చింది.

ఇదంతా అతను తన డ్రాఫ్టులో కాస్త తడబడుతూ రాశాడు. మేము 71ని బలహీనత అనుకుని తీసేశాం. "96 శాతం ఖచ్చితత్వంతో మోడల్ రూపొందించాను" అని నున్నగా దిద్ది ఇచ్చాం. అతని గైడ్ లెటర్లో ఏముందో తర్వాత తెలిసింది. తన తప్పు తనే పట్టుకుని, అంకె పడిపోతుందని తెలిసీ సరిచేశాడని ఆయన మెచ్చుకుంటూ రాశారు. ఇప్పుడు ఆ రెండూ పక్కపక్కన పెట్టి చదివే ప్రొఫెసర్ ఏమనుకుంటారు? లెటర్లో నిజాయితీగా కనిపించిన పిల్లాడే ఎస్‌ఓపీలో దాచాడనుకుంటారు. అతని దరఖాస్తులో అన్నిటికంటే బలమైన విషయాన్ని మా చేత్తో మేమే కొట్టేశాం. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

చదివేవాళ్లు వెతికేది అలాంటి చోట్లనే. ఫలానా పద్ధతి ఎందుకు ఎంచుకున్నారు, ఏది పని చేయలేదు, అప్పుడు ఏం మార్చారు అన్నది చేసినవాళ్లకే తెలుస్తుంది. "మీ ప్రొఫెసర్ల పరిశోధన నన్ను ఆకట్టుకుంది" అన్న వాక్యంలో యూనివర్సిటీ పేరు మార్చినా అది అలాగే నిలబడుతుంది. అలాంటి వాక్యం మీ గురించి ఏమీ చెప్పదు. అదే ఆ అబ్బాయి, "కొత్త యంత్రం మీద పెట్టినప్పుడు మోడల్ ఎందుకు తడబడుతుందో మీ ల్యాబ్‌లో చూస్తున్నారు, నా 71 అక్కడే ఆగింది" అని రాసుంటే దాన్ని ఇంకెవరూ వాడుకోలేరు.

కొందరు మొదటి పేరాలో చిన్ననాటి సంఘటన పెట్టమంటారు. బ్రిటన్‌లో దరఖాస్తులు తీసుకునే యూకాస్ 2007లో 50,000 స్టేట్‌మెంట్లను పోల్చి చూస్తే, ఎనిమిదేళ్ల వయసులో పైజామాకి రంధ్రం పడేలా కాల్చుకున్న కథ 234 వాటిలో కనిపించింది. ఎక్కడో ఒక నమూనాలో బాగుందని అందరూ ఎత్తి రాసుకున్నదే. మీకు నిజంగా జరిగి, ఇప్పుడు చదవబోయే దానికి దారి తీసి ఉంటేనే రాయండి. సొంతంగా రాసినట్టు కనిపించాలని కావాలని వ్యాకరణం తప్పులు వదిలేయమని కూడా అడుగుతున్నారు. వద్దు. తప్పులున్నంత మాత్రాన ఎవరూ నమ్మరు, చదవడం కష్టమవుతుంది, అంతే.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఇలా చదివినా వాళ్లు ప్రతిసారీ సరిగ్గా పట్టుకోలేరు. రికమండేషన్ లెటర్ కూడా రెండు పొడి వాక్యాలైతే పోల్చి చూడడానికి ఏమీ ఉండదు. కుప్పలో వందల ఫైళ్లుంటే ఒక్కో దానికి దొరికే సమయమూ తక్కువే.

ఇకపై మేము చేసేది ఇది. మీ డ్రాఫ్ట్ లేకుండా పని మొదలుపెట్టం, మొత్తం మేమే రాసివ్వమంటే ఒప్పుకోం. ముందు అరగంట ఫోన్‌లో మాట్లాడి, ప్రాజెక్టులో ఏం చెడిందో, ఎలా సరిచేశారో మీ మాటల్లోనే రాసుకుంటాం. మీరిచ్చిన అంకెగానీ, సంఘటనగానీ మిమ్మల్ని అడగకుండా తీసేయం. మీరు ఎప్పుడూ వాడని పదం కనిపిస్తే దాన్నే ముందు మారుస్తాం. ఈ సీజన్‌లో మా దగ్గర దిద్దించుకుని ఇంకా సబ్మిట్ చేయనివాళ్లు మీ మొదటి డ్రాఫ్టు, మేమిచ్చిన ఫైలు రెండూ పంపండి. మేము తీసేసిన ప్రతి వాక్యాన్నీ మీతో కూర్చుని మళ్లీ చూస్తాం, దీనికి డబ్బులు తీసుకోం.