వంగపండు చీర నీలంగా ఎందుకొచ్చింది

"తమ్ముడూ, ఫొటోలో నీలం చీర, పార్సిల్ విప్పితే వంగపండు చీర. నాలుగు వెనక్కొచ్చినయ్. తప్పు నాదా, నీదా?"

తప్పు నాదే అక్కా. పోయిన నెల అమ్మకానికి నా దగ్గర చీరల ఫొటోలు తీయించుకున్న మిగతావాళ్లకూ ఇదే సమాధానం.

ఆ రోజు జరిగింది చెబుతాను. పాటూరు చీరలు పద్నాలుగు. వారమంతా నాకు షాపులో డ్యూటీ, ఆదివారం ఒక్కటే తీరిక. పొద్దున బయట పని పడి, సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టాను. మా హాలు కిటికీ పడమర వైపు. ఎండ పసుపు తిరిగింది. వెలుతురు చాల్లేదని ట్యూబ్‌లైట్ కూడా వేశాను. అక్కడే చెడింది.

ఇళ్లల్లో వాడే తెల్ల ట్యూబ్‌లైట్ దాదాపు 6500 కెల్విన్, అంటే కాస్త నీలం కలిసిన తెలుపు. సాయంత్రం ఎండ దానికి పూర్తిగా ఎదురు, నారింజ వైపు ఉంటుంది. కుచ్చిళ్లకు కిటికీ వైపు ఒక రంగు, ట్యూబ్‌లైట్ వైపు ఇంకో రంగు పడింది. మన కన్ను సర్దుకుంటుంది కాబట్టి నాకు అక్కడ తేడా తెలియలేదు. ఇలా రెండు వెలుగులు కలిసిన ఫొటోను తర్వాత సరిచేయడం చాలా కష్టం. ఒక వైపు సరిచేస్తే రెండో వైపు చెడుతుంది. మీ దగ్గరున్న ఫొటోలు మీరే చూసుకోవచ్చు: ఒకే మడతలో వెలుగు పడ్డచోట పసుపు ఛాయ, నీడలో నీలం ఛాయ గట్టిగా కనిపిస్తే అది ఈ బాపతే.

రెండో తప్పు, ఫోన్ కెమెరాను ఆటో మోడ్‌లో వదిలేయడం. తెలుపు ఏదో ఫోన్‌కు తెలియదు. ఫ్రేములో ఉన్న రంగులన్నీ కలిపితే మామూలు బూడిద రంగుకు దగ్గరగా ఉండాలన్నది దాని లెక్కల్లో ఒకటి. ఫ్రేము నిండా వంగపండు చీర పరిస్తే "ఎరుపు ఎక్కువైంది" అనుకుని తగ్గించేస్తుంది. వంగపండులో ఎరుపు తగ్గితే మిగిలేది నీలమే కదా. విడిగా తీసిన చిలకపచ్చ చీరకు ఇంకో లెక్క వేసింది. అందుకే రెండింటికీ ఒకటే జరీ అయినా ఒకదాంట్లో బంగారంలా, ఒకదాంట్లో ఇత్తడిలా వచ్చింది. ఫొటోలు ఇచ్చేముందు ఆ జరీలు పక్కపక్కన పెట్టి చూసుకున్నా నాకు తెలిసిపోయేది. చూసుకోలేదు.

ఇప్పుడు పద్ధతి మార్చాను. పొద్దున ఎనిమిది నుంచి పదిలోపు, మేడ మీద రేకుల కింద నీడలో తీస్తున్నాను. లైట్లు లేవు, ఎండ నేరుగా పడదు, ఒక్క ఆకాశం వెలుగే. మా గోడ లేత పచ్చది, దాని రంగు చీర మీదకు కొడుతుంది కాబట్టి తెల్ల పంచె అడ్డం కట్టాను. ఫోన్ ప్రో మోడ్‌లో, తెలుపును తెలుపుగా చూపించే వైట్ బ్యాలెన్స్‌ను ఒక అంకె దగ్గర ఆపేస్తాను, ఇక చీర మారినా అది మారదు. ప్రతి చీరకూ మొదటి ఫొటోలో పక్కన గ్రే కార్డు, అంటే ఏ ఛాయా కలవని బూడిద రంగు అట్ట, పెడతాను. ఫొటోలు సరిచేసే లైట్‌రూమ్ యాప్‌లో రంగు ఎంచే డ్రాపర్‌తో ఆ కార్డు మీద నొక్కి, వచ్చిన సెట్టింగును ఆ చీర ఫొటోలన్నిటికీ పేస్ట్ చేస్తాను. మొదట తెల్ల కాగితంతో నెట్టుకొద్దామనుకున్నాను గానీ, తెల్లగా మెరవాలని చాలా కాగితాల్లో కలిపే పదార్థం వల్ల కొలత నీలానికి జరుగుతుంది. ఆఖర్న చీరను ఫొటో పక్కన పెట్టి, పగటి వెలుతురులో చూశాకే పంపుతున్నాను.

ఇంత చేసినా నెమలికంఠం లాంటి చీరలకు ఒక్క ఫొటో చాలదు. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు కాబట్టి చూసే కోణాన్ని బట్టి మారుతుంది. వాటికి రెండు కోణాల్లో ఫొటోలు, మడత కదిపే పది సెకన్ల వీడియో ఇస్తాను. కొనేవాళ్ల ఫోన్‌లో రంగులు పెంచి చూపించే మోడ్ ఉంటే మాత్రం నేను చేయగలిగింది లేదు. ఆ మాట మీరు మెసేజ్‌లో ఒక లైను రాయండి.

ఇక డబ్బు సంగతి. ఆ పద్నాలుగూ ఉచితంగా మళ్లీ తీస్తాను. వెనక్కొచ్చిన నాలుగింటి కొరియర్ ఖర్చు నాది. ఆదివారానికి ముప్పై చీరలు తీసేవాణ్ణి, ఇప్పుడు పద్దెనిమిది దాటడం లేదు. అందుకని చీరకు అరవై ఉన్నది వచ్చే నెల నుంచి డెబ్బై అయిదు. రాత్రిపూట అర్జెంటు పనులు ఒప్పుకోను, దయచేసి అడగొద్దు.

చీరలు శనివారం సాయంత్రానికే ఇస్త్రీ చేసి ఇవ్వండి. వంగపండు, రాణీ రంగు ఉన్నవి విడిగా కట్టండి, పొద్దున వాటితోనే మొదలుపెడతాను.